ధర నుంచి వెనక్కి లెక్క: టార్గెట్ కాస్టింగ్‌లో పట్టు సాధించాలంటే...

తయారీ ఖర్చుకు లాభం కలిపి ధర నిర్ణయించడం పాత పద్ధతి కాగా, కొనుగోలుదారు ఇవ్వడానికి సిద్ధపడే ధరను ముందే గుర్తించి, అందులోంచి లాభాన్ని మినహాయించి, మిగిలిన మొత్తంలోనే వస్తువును తయారు చేయాలని డిజైన్ దశలోనే నిశ్చయించుకునే పద్ధతిని టార్గెట్ కాస్టింగ్ అంటారు. 1960లలో జపాన్‌లోని టయోటా సంస్థలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతి నేడు సీఎంఏ ఫైనల్ స్ట్రాటజిక్ కాస్ట్ మేనేజ్‌మెంట్ పేపర్‌లో పాఠ్యాంశంగా ఉండటమే కాక, వాహన, గృహోపకరణ పరిశ్రమల్లోని కాస్టింగ్, కొనుగోళ్ల విభాగాల్లో ఉద్యోగం కోరే కామర్స్, ఇంజినీరింగ్ పట్టభద్రులకూ అక్కరకు వస్తుంది.

ఉదాహరణకు ఒక సీలింగ్ ఫ్యాన్ దుకాణంలో రూ.2,950కి అమ్ముడుపోతుందని అనుకుంటే, అందులో 18 శాతం జీఎస్టీ కింద రూ.450, పంపిణీదారులు, దుకాణదారుల మార్జిన్ కింద రూ.500 పోగా కంపెనీ చేతికి అందేది రూ.2,000 మాత్రమే. అమ్మకం ధరపై 15 శాతం లాభం కావాలంటే రూ.300 తీసివేయగా మిగిలే రూ.1,700 అనుమతించదగిన వ్యయం అవుతుంది. విద్యార్థులు తరచుగా లాభశాతాన్ని అమ్మకం ధరపై కాక వ్యయంపై లెక్కగట్టి రూ.1,739 అని సమాధానం రాస్తారు కనుక, శాతం దేనిపై ఇచ్చారో ప్రశ్నలో ముందుగా చూసుకోవాలి.

ప్రస్తుత డిజైన్ ప్రకారం అంచనా వ్యయం రూ.1,900 అయితే, తగ్గించవలసిన రూ.200ను వ్యయాంతరం అంటారు. ప్రతి భాగం చేసే పనిని, దానికయ్యే ఖర్చును పక్కపక్కన పెట్టి పరిశీలించే వాల్యూ ఇంజినీరింగ్ ద్వారా, పాత మోడళ్ల రాడ్డు, కప్పులనే ఇందులోనూ వాడి రూ.90, ప్యాకింగ్ మార్చి రూ.60 ఆదా చేశారనుకుంటే ఇంకా రూ.50 మిగులుతుంది.

ఆ రూ.50 కోసం చవక బేరింగులు వాడాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు లైఫ్ సైకిల్ కాస్టింగ్ అవసరమవుతుంది. డిజైన్, అచ్చుల తయారీ మొదలు వారంటీ సేవల వరకు వస్తువు జీవితకాలమంతటా అయ్యే వ్యయాన్ని ఒక్కచోట లెక్కించే ఈ పద్ధతిలో చూస్తే, వారంటీ కింద తిరిగివచ్చే ఫ్యాన్లు నూటికి 2 నుంచి 10కి పెరిగి, ఒక్కో మరమ్మతుకు రూ.700 అయ్యేటట్లయితే, ఒక్కో ఫ్యాన్‌పై అదనపు భారం సగటున రూ.56 పడుతుంది. ఆదా కంటే భారమే ఎక్కువైనందున ఆ మార్పును తిరస్కరించి, మోటారు డిజైన్‌లోనో సరఫరాదారుల ధరల్లోనో వేరే మార్గం వెతకాలి, అదీ కుదరకపోతే ఉత్పత్తిని ప్రారంభించకూడదు.

అచ్చులు సిద్ధమై, సరఫరా ఒప్పందాలు కుదిరాక తగ్గించగలిగే ఖర్చు చాలా స్వల్పం. అందువల్ల ఈ రంగంలోకి రాదలచినవారు లెక్కల సాధనతో పాటు, నిత్యం వాడే ఏదైనా ఒక వస్తువును భాగాలుగా విడదీసి, ఏ భాగం ఏ పనికి ఉందో, దానికి ఎంత ఖర్చవుతుందో పట్టిక వేయడం అలవరచుకోవాలి.