రిజిస్టరు ఫొటో నుంచి హాజరు శాతం: 75కి ఇంకా ఎన్ని రోజులు?

తల్లికి వందనం పథకానికి 75 శాతం హాజరు కావాలి. రేపు కాకినాడ జేఎన్‌టీయూ పరిధిలో ఇంజినీరింగ్ చదివినా అదే గీత ఉంటుంది. అక్కడ 65కీ 75కీ మధ్య ఉన్నవాళ్లు సరైన కారణం చూపి మినహాయింపు అడగవచ్చు. గీత దగ్గర పడుతున్నప్పుడు మీ లెక్క మీరే వేసుకోవడం మంచిది.

ముందు క్లాస్ టీచర్ అనుమతితో హాజరు రిజిస్టరు ఫొటో తీసుకోండి. పేజీకి నిటారుగా పైనుంచి, నీడ పడకుండా తీయాలి. పై వరుసలోని తేదీలు, మీ వరుస, చివర ఉండే 'గత నెల వరకు' గడి తప్పనిసరిగా కనిపించాలి. మిగతా పిల్లల వరుసలు కాగితంతో కప్పేయండి. పేజీ మడత దగ్గరి గడులు తరచూ ఫొటోలో పడవు, అక్కడ రెండో ఫొటో తీయండి.

ఇక లెక్క. అల్లవరంలో పదో తరగతి చదివే ఒక అమ్మాయి రిజిస్టరు ఇలా ఉందనుకుందాం. గత నెల వరకు బడి 112 రోజులు జరిగితే తను 76 రోజులు వచ్చింది. ఈ నెల 30 రోజుల్లో 5 ఆదివారాలు, 1 సెలవు పోగా పనిదినాలు 24. వాటిలో 21 పూర్తి రోజులు, 2 ఒంటిపూటలు వచ్చింది, 1 రోజు రాలేదు. ఒంటిపూటను అర రోజుగా లెక్కించే బడిలో హాజరు 22 అవుతుంది.

ముందుగా సరిచూసుకోండి: 21+2+1 = 24, 24+6 = 30. మొత్తం కుదరకపోతే ఏదో గడి వదిలేశారని, లేదా కన్ను పక్క వరుసలోకి జారిందని అర్థం. ఫొటో మీద స్కేలు అడ్డంపెట్టి మళ్లీ లెక్కించండి. మొంథా లాంటి తుపానుకు బడి మూసిన రోజులను పనిదినాల్లో కలపకూడదు. కలిపితే శాతం అన్యాయంగా పడిపోతుంది.

ఇప్పుడు మొత్తం 136 రోజులకు హాజరు 98, అంటే 72.06 శాతం. వరుసగా ఎన్ని రోజులు వస్తే 75 చేరుతుందో ఈ సూత్రం చెబుతుంది:

```
3 × పనిదినాలు − 4 × హాజరు
3 × 136 − 4 × 98 = 16
```

16 రోజులు కలిపితే 152కి 114, సరిగ్గా 75. ఈ సూత్రం 75 శాతానికే పనిచేస్తుంది. 74.6ను 75గా గుండ్రం చేయకండి.

ఏడాది చివరికి చూసుకోవాలంటే మిగిలిన రోజులు కావాలి. ఇంకా 60 రోజులుంటే మొత్తం 196, అందులో 75 శాతం 147. ఇప్పటికే 98 ఉన్నాయి కాబట్టి 49 రోజులు రావాలి, గరిష్ఠంగా 11 రోజులు మానవచ్చు. రావాల్సిన రోజులు మిగిలిన రోజుల కన్నా ఎక్కువైతే, ఇక రోజూ వచ్చినా 75 అందదు. అప్పుడు ఆసుపత్రి కాగితాల్లాంటి ఆధారాలతో వెంటనే హెచ్‌ఎంను కలవండి. రిజిస్టరులో తప్పు గుర్తు కనిపించినా నెల మొత్తాలు మూసేలోపే చెప్పండి, తర్వాత దిద్దించడం కష్టం.