సబ్జెక్టు పక్కన కనిపించే తొలి వాక్యం

శుభలేఖ చేతికి రాగానే మూలల్లో పసుపు చూస్తాం. కవరు విప్పకముందే సగం సంగతి తెలిసిపోతుంది. ఈమెయిల్లో ఆ పసుపు చేసే పనిని సబ్జెక్టు తర్వాత లేత రంగులో కనిపించే వాక్యం చేస్తుంది. దాన్నే ప్రివ్యూ అంటారు. మనం రాసుకునే మామూలు మెయిల్‌కి అది విడిగా ఉండదు. లోపల రాసిన మొదటి మాటల్నే ఫోను తెచ్చి బయట చూపిస్తుంది.

సింగరాయకొండలో మా బంధువుల అబ్బాయి ఒకడు తండ్రి పండించిన మిర్చి కోసం గుంటూరులో ఒక వ్యాపారికి మెయిల్ పెట్టాడు. సబ్జెక్టు ‘తేజ మిర్చి 60 టిక్కీలు’ అని బాగానే ఉంది. నాలుగు రోజులైనా జవాబు లేదు. అదే మెయిల్ నాకు పంపమని, తెరవకుండా ఇద్దరం చూశాం. సబ్జెక్టు కింద ‘గౌరవనీయులైన సార్ గారికి నమస్కారములు. నేను ప్ర…’ అని ఉంది. అక్కడితో తెగిపోయింది. సరుకు గురించి ఒక్క మాట లేదు.

‘ముందే విషయం చెబితే మర్యాదగా ఉండదు కదా బాబాయ్!’ అన్నాడు. మనలో చాలామందిని వెనక్కి లాగేది ఈ బెరుకే. ఎదురుగా కూర్చున్న మనిషితో కుశల ప్రశ్నలు ముందు రావాలి, నిజమే. కానీ మెయిల్లో మర్యాదకు ‘నమస్తే సార్’ అనే రెండు మాటలు చాలు. ఊరు, పేరు, పరిచయం రెండో పేరాలో చెప్పుకోవచ్చు. ఇద్దరం కలిసి తిరగరాశాం: ‘నమస్తే సార్, తాలు ఏరేశాం, బాగా ఆరాయి. గురువారం శాంపిల్ తేవచ్చా?’ సబ్జెక్టులో ఉన్న తేజ, 60 టిక్కీలు మళ్ళీ రాయలేదు. ఉన్న కాస్త చోటులో కొత్త సంగతే ఉండాలి. ఎన్ని అక్షరాలు కనిపిస్తాయన్నది ఒక్కో ఫోనులో ఒక్కోలా ఉంటుంది. కంప్యూటర్‌లో జీమెయిల్ సబ్జెక్టునీ ప్రివ్యూనీ ఒకే వరుసలో చూపుతుంది కాబట్టి సబ్జెక్టు పొడుగైతే ప్రివ్యూకి చోటు తగ్గుతుంది. అందుకే అసలు మాట మొదటి అయిదారు పదాల్లోనే పడాలి.

జవాబుల్లో ఇది ఇంకా అవసరం. అక్కడ సబ్జెక్టు మారదు, పాతదే ‘Re:’తో వస్తుంది. కొత్తగా కనిపించేది ప్రివ్యూ ఒక్కటే. ‘మీ మెయిల్ అందింది, ధన్యవాదాలు’ అని మొదలుపెడితే ఆ చోటు వృథా. ‘గురువారం ఉదయం 8కి వస్తాను’ అంటే మెయిల్ తెరవకుండానే అవతలివారికి పని తెలుస్తుంది.

ఒక జాగ్రత్త ఉంది. లాక్ చేసిన ఫోను మీద కూడా ఈ వాక్యం కనిపించవచ్చు, పక్కనున్నవాళ్ళూ చదవచ్చు. మీరు దిగగల ఆఖరి ధర, బ్యాంకు ఖాతా వివరాలు, ఇంటి సంగతులు మొదటి వరుసలో రాయకండి. చదివించడం కోసం మిగతా మెయిల్‌తో సంబంధం లేని మాటను మొదట్లో పెట్టకండి.

ముఖ్యమైన మెయిల్ ఏదైనా ముందు మీకు మీరే పంపుకోండి. ఫోనులో తెరవకుండా చూడండి. మీరెందుకు రాశారో అక్కడే తెలియకపోతే మొదటి వాక్యం మార్చి, అప్పుడు పంపండి.