పేగు పోయాక మంచినీళ్ళకూ లెక్కుంది

సర్జరీ వార్డులో నర్సుగా చేసి రిటైరైనదాన్ని. పేగు తీసేసినవాళ్ళ మంచాల పక్కన నేర్చుకున్నవి కొన్ని చెబుతాను.

1. పెద్దపేగు ఒక్కటే తీసేస్తే మనిషి చాలావరకు సర్దుకుంటాడు. దాంతోపాటు చిన్నపేగులో కూడా చాలాభాగం పోయి, 2 మీటర్ల కంటే తక్కువ మిగిలితే దాన్ని షార్ట్ బవెల్ అంటారు. నీళ్ళనీ ఉప్పునీ చివర్లో వెనక్కి లాగే పెద్దపేగు లేదు కాబట్టి కష్టం రెట్టింపు.

2. దాహానికి మంచినీళ్ళు మందు కాదు. పేగుకు రక్తం అందక కుళ్ళిపోతే ఒక రైతుకు ఆపరేషన్ చేశారు. మిగిలింది మీటరు లోపే, పొట్ట మీద సంచి. ఆయన చెంబులకు చెంబులు నీళ్ళు, కొబ్బరినీళ్ళు తాగేవాడు. సంచి రోజుకు 4 లీటర్లు నిండేది. “తాగుతూనే ఉన్నానమ్మా, నాలుక పిడచకట్టుకుపోతోంది” అనేవాడు. చిన్నపేగు పైభాగంలో ఉప్పు తక్కువున్న నీళ్ళు పడితే ఒంట్లోని సోడియం పేగులోకి కారుతుంది. దాని వెంట నీళ్ళూ పోతాయి. అంటే తాగినకొద్దీ ఎండిపోవడమే.

అందుకని నీళ్ళు, టీ, కొబ్బరినీళ్ళు అన్నీ కలిపి అర లీటరుకు కట్టేశాం. మిగతా దాహానికి లీటరు నీళ్ళలో 20 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా కలిపి గుక్కగుక్కగా తాగించాం. సోడియం పేగు గోడ దాటడానికి గ్లూకోజ్ తోడు కావాలి. భోజనానికి అరగంట ముందు లోపరమైడ్. సంచి సగానికి తగ్గింది. రుచి బాగోదని ఆయన సణిగేవాడు, నిజమే, బాగోదు.

3. సంచినే కాదు, మూత్రాన్నీ కొలవండి. రోజుకు లీటరు కూడా రాకపోతే అనుమానించాలి. రక్తంలో సోడియం సరిగ్గానే కనిపిస్తున్నా, మూత్రంలో లీటరుకు 20 మిల్లీమోల్స్ కంటే తక్కువుంటే ఒంట్లో ఉప్పు అడుగంటినట్టే. పిక్కలు పట్టేస్తుంటే మెగ్నీషియం చూపించుకోవాలి.

4. మీటరు లోపు పేగుతో తిండి, నీరు చాలవు. ఆయనకు నరం ద్వారా పోషణ తప్పలేదు. ఆ పోషణ ద్రవం సంచిలో గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు, కొవ్వు, లవణాలు, విటమిన్లు ఉంటాయి. అంత చిక్కటి ద్రవం చేతి నరాన్ని మండించి పాడుచేస్తుంది. అందుకే గుండె దగ్గరి పెద్ద సిరదాకా సన్నటి గొట్టం వేస్తారు. ఇంటి దగ్గరైతే రాత్రిపూట పది, పన్నెండు గంటలు ఎక్కిస్తారు. చివర్లో వేగం తగ్గిస్తూ ఆపాలి, లేకుంటే చక్కెర పడిపోవచ్చు.

5. ఆ గొట్టంలోంచి రక్తం తీయనివ్వకండి, వేరే మందులు ఎక్కించనివ్వకండి. ముట్టుకునే ముందు ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పోషణ సంచి తగిలించిన కాసేపటికి వణుకుతో జ్వరం వస్తే అది గొట్టంలో చేరిన క్రిముల వల్లేనని అనుకోవాలి. ఎక్కించడం ఆపేసి, జ్వరం బిళ్ళతో తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళండి.