ఐదు షాట్లలో ఒక క్లాస్‌రూమ్

మైక్రో కథలో మలుపు చివర్లో పుట్టదు. మొదటి షాట్‌లోనే ఉంటుంది, వేరే కారణం వెనక దాక్కుని. ఇది నాకు ఒక కథ పాడుచేసుకున్నాకే అర్థమైంది.

మొదట రాసింది ఇది: 2077లో ఒక క్లాసు, మాస్టారు పాఠం చెప్తారు, చివర్లో ఆయన రోబో అని తెలుస్తుంది. రోబో తీసేసి గ్రహాంతరవాసి అని పెట్టి చూశా. ముందు నాలుగు షాట్లలో ఒక్క మాట కూడా మార్చక్కర్లేకపోయింది. అంటే అది అతికించిన మలుపు.

మళ్లీ మొదలుపెట్టా, ఈసారి జరిగిన విషయంతో. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ వీధుల్లో పడవలు తిరిగాయి. మనకది వింత. ఎవరికి వింత కాదు? దానికి జవాబే ఐదో షాట్. ముందు అది రాసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి వచ్చా.

షాట్ అంటే ఒక చోటు, ఒక క్షణం, కెమెరాకి కనిపించేది, వినిపించేది మాత్రమే. "అనుకుంది", "బాధపడింది" లాంటివి కెమెరాకి అందవు.

1. విజయవాడ, 2077. బయట వాన. క్లాసు గుమ్మం నుంచి బెంచీల దాకా తడి పాదాల గుర్తులు. గుమ్మం దగ్గర ఒక్క చెప్పుల జత కూడా లేదు.

2. తెర మీద పాత ఫోటో: సింగ్ నగర్, 2024. వీధి మధ్యలో పడవ. "ఇందులో వింత ఏంటి?" అన్నారు మాస్టారు.

3. "అంతమంది ఎక్కకూడదు సార్." "లైఫ్ జాకెట్లు లేవు సార్." మాస్టారు తల అడ్డంగా ఊపారు.

4. ఇంకో ఫోటో. అదే వీధి, రెండు నెలల తర్వాత. స్కూటర్లు, పూలబండి, గుమ్మం ముందు ముగ్గు. క్లాసంతా నిశ్శబ్దం.

5. వెనక బెంచీ పాప లేచింది. "సార్, నీళ్లేవి?" కిటికీ కింద పడవ ఏదో గోడకి తగిలి టక్‌మంది.

మొదటి షాట్‌లో ముందు గుమ్మం దగ్గర తెడ్లు పెట్టా. ఐదో షాట్ చేత్తో మూసి మా రూమ్మేట్‌కి చదవమని ఇస్తే, రెండో షాట్‌కే కనిపెట్టేశాడు. తెడ్లు తీసేసి తడి పాదాలు పెట్టా. వాన ఉంది కాబట్టి అనుమానం రాదు. ఈసారి చివరిదాకా చదివి, మళ్లీ పైకి వెళ్లి, "ఓ, అందుకే చెప్పుల్లేవా!" అన్నాడు. మలుపు కుదిరిందని చెప్పే గుర్తు ఇదే: చదివినవాళ్లు వెనక్కి వెళ్లాలి.

చివర్లో "అప్పటికే ఊరు మునిగిపోయింది" అని ఒక వాక్యం ఉండేది. పడవ చప్పుడు ఆ మాట చెప్పేస్తోంది కదా, కొట్టేశా. ఊరు ఎందుకు మునిగిందో కూడా చెప్పలేదు. ఐదు షాట్లలో దానికి చోటు లేదు.

ముగ్గు మాత్రం నా ఆలోచన కాదు. మా రూమ్మేట్‌ది సింగ్ నగరే. నీళ్లు తీసి, బురద కడిగాక వాళ్లమ్మ మొదట చేసిన పని అదేనట.