చింతపులుసు తొందరపడితే పప్పు ఉడకదు!

గోదావరిఖని కార్మికుల కాలనీలో ఒక ఇల్లు ఊహించుకోండి. నాన్న గనిలో రెండో షిఫ్టు చేసి ఇంటికి చేరేసరికి రాత్రి బాగా పొద్దుపోతుంది. సాయంత్రం వండిన సాంబారును అప్పుడు మళ్లీ వేడి చేయాలి. ఒకరోజు అందులో ముక్కలు చితికిపోకుండా, పప్పు పైకీ కిందికీ విడిపోకుండా చక్కగా ఉంటుంది. మరొకరోజు పైన పల్చని నీళ్లు తేలి, అడుగున పప్పు పలుకులు గట్టిగా తగులుతాయి. పప్పూ అదే, చింతపండూ అదే. మరి తేడా ఎక్కడ వచ్చింది?

తేడా చింతపులుసు పోసిన వేళలో ఉంది. ఎలాగో చూద్దాం.

కందిపప్పులోనూ, కూరగాయల్లోనూ కణాలను ఒకదానితో ఒకటి అతికించి ఉంచే పదార్థం ఒకటి ఉంది. దాని పేరు పెక్టిన్. ఇటుకల మధ్య సున్నం వంటిదనుకోండి. వేడినీటిలో పెక్టిన్ గొలుసులు తెగి కరుగుతాయి. అప్పుడు కణాలు విడిపోయి ముక్క మెత్తబడుతుంది. దీనినే మనం 'ఉడికింది' అంటాం. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంది. చింతపులుసుకు ఉండే పులుపులో పెక్టిన్ గొలుసులు తెగడం బాగా మందగిస్తుంది. అందుకే పప్పు సగం ఉడికినప్పుడే పులుసు పోస్తే, ఆ తరువాత ఎంతసేపు మరిగించినా పలుకు అంత తేలికగా మెత్తబడదు.

ఇది నిజమో కాదో మీరే పరీక్షించండి. పొయ్యి దగ్గర పెద్దవారిని తోడు ఉంచుకోండి. రెండు చిన్న స్టీలు గిన్నెలు తీసుకోండి. ఒకదానిలో రెండు గ్లాసుల మంచినీళ్లు, రెండవదానిలో అంతే చింతపులుసు పోయండి. రెండూ మరిగాక, ఒకే సైజులో తరిగిన ముల్లంగి ముక్కలు అయిదేసి వేయండి. పన్నెండు నిమిషాల తరువాత చీపురుపుల్లతో గుచ్చి చూడండి. నీళ్లలోని ముక్కలోకి పుల్ల సులువుగా దిగుతుంది. పులుసులోని ముక్క ఇంకా ఎదురు తిరుగుతుంది.

ఇప్పుడు నలుగురికి సాంబారు వండుదాం. టీ గ్లాసుడు కందిపప్పును అరగంట నానబెట్టండి. మూడు గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు వేసి ఉడికించండి. పప్పును వేళ్ల మధ్య నొక్కితే మధ్యలో పలుకు తగలకూడదు. అప్పుడు దించి మెత్తగా మెదపండి. ఇంత మెత్తగా ఎందుకంటే, సన్నని పప్పు రేణువులే నీటిలో పరుచుకుని సాంబారుకు చిక్కదనాన్ని ఇస్తాయి. పలుకులైతే అడుగుకు దిగిపోతాయి.

ముక్కలను వేరే గిన్నెలో మంచినీళ్లలో ఉడికించాలి. అన్నీ ఒకేసారి వేయవద్దు. ముందుగా ములక్కాడ, ముల్లంగి వేయండి. ఏడెనిమిది నిమిషాలయ్యాక సొరకాయ, వంకాయ వేయండి. ముక్క ముప్పాతిక వంతు ఉడకగానే, నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పిసికి తీసిన పులుసు, ఉప్పు కలపండి. పచ్చివాసన పోయేదాకా ఎనిమిది, పది నిమిషాలు మరగనివ్వండి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ముందు మనకు అడ్డుపడిన పులుపే ఇప్పుడు మేలు చేస్తుంది. ముక్కలు మరీ మెత్తబడకుండా అది పట్టి ఉంచుతుంది. అందువల్లనే ఈ సాంబారును రాత్రి మళ్లీ వేడిచేసినా ముక్క చితికిపోదు. బెండకాయ సంగతి మాత్రం వేరు. దాని జిగురు సాంబారులోకి దిగకుండా ముందు నూనెలో వేయించి, పులుసు పోశాకనే వేయాలి. బెండకాయ లేతది కనుక పులుసులోనే ఉడుకుతుంది.

ఇప్పుడు మెదిపిన పప్పు, సాంబారు పొడి కలిపి నాలుగైదు నిమిషాలు సన్నని సెగ మీద ఉంచండి. పొడిలోని సువాసన నూనెలు ఆవిరితో ఎగిరిపోతాయి కాబట్టి పొడిని ముందే వేసి మరిగించకూడదు. చివరన ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపు పెట్టండి. వాటి వాసనలు నీటిలోకన్నా నూనెలో బాగా కరుగుతాయి. ఆ నూనె సాంబారంతటా పరుచుకుని రుచులను కలుపుతుంది. మూత పెట్టి పావుగంట ఆగితే పులుపు, ఉప్పు ముక్కల లోపలికి కూడా చేరతాయి.

ఇంతా చేసినా పప్పు ఉడకకపోతే నీటిని అనుమానించండి. కొన్ని బోరునీళ్లలో కాల్షియం లవణాలు ఎక్కువ. కాల్షియం పెక్టిన్‌ను బిగించి ఉంచుతుంది. వంటసోడా వేస్తే పప్పు త్వరగా ఉడుకుతుంది కానీ, అందులోని బి1 విటమిన్ నశిస్తుంది. పైగా సోడా పులుపును కూడా చంపుతుంది. దానికన్నా పప్పును ఎక్కువసేపు నానబెట్టడం, ప్రెషర్ కుక్కర్ వాడడం మేలు. కుక్కర్‌లో నీరు 100 డిగ్రీల దగ్గర ఆగక దాదాపు 120 డిగ్రీల దాకా వేడెక్కుతుంది.

ఒకవేళ పులుసు ముందే పోసేశారా? సాంబారును పారబోయనక్కరలేదు. మరో గుప్పెడు పప్పును వేరుగా మంచినీళ్లలో మెత్తగా ఉడికించి, మెదిపి అందులో కలపండి. చిక్కదనం వస్తుంది. కానీ ముందటి పలుకులు మాత్రం పంటికి తగులుతూనే ఉంటాయి!