వేడి నిలిచే స్టీలు లంచ్ బాక్సు, ఫ్లాస్కు ఎలా ఎంచుకోవాలి?

పొద్దున 8 గంటలకు క్యారేజీ కట్టి, మధ్యాహ్నం 1 గంటకు తినేవారి కోసం ఈ సూచనలు. అన్నం, కూర బాక్సులో పెట్టి, సాంబారు మాత్రం వెడల్పు మూతి ఫ్లాస్కులో పోసుకుంటారనుకుందాం.

1. గోడల మధ్య ఏముందో అడగండి. బయట ప్లాస్టిక్, లోపల స్టీలు ఉన్న చాలా బాక్సుల్లో మధ్యన గాలి గానీ ఫోమ్ గానీ ఉంటుంది. వాటిలో అన్నం రెండు మూడు గంటలే వెచ్చగా ఉంటుంది. అయిదు గంటలు ఆగాలంటే రెండు స్టీలు గోడల మధ్య గాలి తీసేసిన వాక్యూమ్ రకం కావాలి. లోపలి స్టీలు 304 గ్రేడ్ అని రాసి ఉందో లేదో, ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడండి.

2. మూత విప్పి చూడండి. వాక్యూమ్ ఉండేది గోడల్లోనే. అందుకే వేడి ఎక్కువగా మూత గుండా పోతుంది, పులుసు కారేదీ అక్కడే. మూత పలచగా కాకుండా మందంగా ఉండాలి. లోపలి సిలికాన్ వాషర్ చేత్తో తీసి పెట్టేలా ఉండాలి. విడి వాషర్లు దొరుకుతాయో లేదో కొనేముందే అడగండి. పులుసు కూరలకు క్లిప్పుల మూతకంటే మర మూత నమ్మకం.

3. సరిపడా సైజు తీసుకోండి. సగం ఖాళీగా ఉన్న ఫ్లాస్కు త్వరగా చల్లారుతుంది. ఒకరి సాంబారుకు 300 మిల్లీలీటర్లది చాలు.

4. ఇంటికి తేగానే నీళ్లతో పరీక్షించండి. మరిగిన నీళ్లు అంచుకు వేలెడు కిందివరకు పోసి మూత బిగించండి. పది నిమిషాలాగి ఒళ్లంతా తడమండి. మూత దగ్గర కాస్త వెచ్చగా ఉండొచ్చు గానీ, పక్కలు వేడెక్కితే వాక్యూమ్ పోయినట్టే. తర్వాత కారుతుందేమో చూడటానికి పాత పేపరు చుట్టి అరగంట పడుకోబెట్టండి. వేడినీళ్లతోనే చూడాలి, ఎందుకంటే లోపలి ఆవిరి మూతను బయటికి నెడుతుంది. చన్నీళ్లకు కారనిది వేడికి కారొచ్చు. అయిదు గంటల తర్వాత తెరిచి వంటింటి థర్మామీటరు పెట్టండి. 60 డిగ్రీల పైన ఉంటే సాంబారుకు భయం లేదు. ఏ పరీక్షలో తప్పినా బిల్లు చూపించి మార్చుకోండి.

5. రోజూ ముందు వేడిచేయండి. మరిగిన నీళ్లు పోసి అయిదు నిమిషాలుంచి పారబోసి, పొంగుతున్న సాంబారు వెంటనే పోయండి. లేకపోతే చల్లటి స్టీలే సాంబారు వేడిని కొంత పీల్చేస్తుంది. గోరువెచ్చని కూర పెడితే ఏ ఫ్లాస్కూ దాన్ని వేడి చేయదు, పైగా ఆ వెచ్చదనంలోనే సూక్ష్మక్రిములు పెరుగుతాయి.

6. రాత్రికి వాషర్ తీసి కడిగి, బాగా ఆరాకే మళ్లీ పెట్టండి. తిరిగి పెట్టేటప్పుడు మెలిక పడినా, అన్నం మెతుకు ఇరుక్కున్నా మర్నాడు కారుతుంది. వదులైనా, చీలినా వాషర్ ఒక్కటే మారిస్తే చాలు.