అడ్వాన్సులో ఎంత పట్టుకున్నారు, దేనికి పట్టుకున్నారు

మియాపూర్‌లో మూడేళ్ల రెండు నెలలు ఉన్న ఫ్లాటును మేం మే 31న ఖాళీ చేశాం. అద్దె 24,000, అడ్వాన్సు 48,000. జూన్ 14న నా ఫోన్‌పేలో 13,240 రూపాయలు పడ్డాయి. వెనకే ఓనరు గారి మెసేజ్: ‘ఫుల్ సెటిల్‌మెంట్ అమ్మా.’ మిగతా 34,760 దేనికి పోయాయో అందులో ఒక్క ముక్క లేదు.

అలాంటి మెసేజ్‌కి ఆ రోజే జవాబివ్వాలి. ఊరుకుంటే ఆ లెక్కకు మనం ఒప్పుకున్నట్టే అవతలివాళ్లు చెప్పుకోవచ్చు. నేను రాసింది రెండు వాక్యాలే: “అంకుల్, 13,240 అందాయి. ఇది అడ్వాన్సులో కొంత భాగంగా తీసుకుంటున్నాను, మిగతా 34,760లో దేనికి ఎంత పట్టుకున్నారో విడివిడిగా రాసి, బిల్లుల ఫొటోలు పంపండి.” ఫోన్లో మాట్లాడొచ్చు కానీ మాట్లాడిన ప్రతిసారీ దాని సారాంశం మెసేజ్‌గా పెట్టాలి.

రెండు రోజులకు జాబితా వచ్చింది. పెయింటింగ్‌కి ఒక నెల అద్దె 24,000, క్లీనింగ్‌కి 3,500, గీజరుకి 4,000, కిటికీ దోమతెరకి 1,800, కరెంటు బిల్లు 1,460. కూడితే 34,760 సరిగ్గా సరిపోయింది. వచ్చిన బిల్లు మాత్రం కరెంటుది ఒక్కటే.

జాబితా చేతికొచ్చాక ముందు తీయాల్సింది అగ్రిమెంట్. ‘ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ నిమిత్తం ఒక నెల అద్దె మినహాయించబడును’ అని అందులో ఉండి, మనం సంతకం పెట్టి ఉంటే వాదించడం కష్టం. హైదరాబాద్‌లో చాలా అగ్రిమెంట్లలో ఈ వాక్యం ఉంటుంది, కొత్త ఇంట్లో దిగే హడావిడిలో ఎవరూ చదవరు. మా దాంట్లో లేదు. ‘సహజమైన అరుగుదల మినహా ఇంటికి జరిగిన నష్టం అద్దెదారు భరించవలెను’ అని మాత్రమే ఉంది. అగ్రిమెంట్‌లో ఏమీ రాసుకోకపోయినా 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెప్పేది దాదాపు ఇదే: దిగినప్పుడు ఇల్లు ఎలా ఉందో అలా అప్పగించాలి, మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాదు. రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదనే 2021 నమూనా అద్దె చట్టాన్ని చాలామంది ఉత్తరాల్లో రాస్తుంటారు. అది కేంద్రం ఇచ్చిన నమూనా, రాష్ట్రం చట్టంగా చేసుకున్న చోటే వర్తిస్తుంది. దాని మీద ఆధారపడి ఉత్తరం రాస్తే మన మాట బలం తగ్గుతుంది.

ఏది అరుగుదల, ఏది నష్టం అన్న దగ్గరే గొడవంతా. పెయింటింగ్ గురించి ఓనరు గారికి ఫోన్ చేస్తే, “ఏమ్మా, అందరూ పట్టుకునేదే కదా” అన్నారు. అందరూ పట్టుకుంటారన్నది నిజమే, కానీ అది లెక్క కాదు. మూడేళ్లు మనుషులు కాపురమున్న ఇంట్లో గోడ రంగు వెలుస్తుంది, స్విచ్‌బోర్డుల చుట్టూ మాస్తుంది, సోఫా ఆనిన చోట గీత పడుతుంది. మేం దిగకపోయినా రంగు కొన్నాళ్లకు పాతబడేదే. పిల్లల గదిలో పడమటి గోడ సంగతి వేరు. మా పాప స్కూలు చార్టులకు డబుల్ టేప్ వేశాం. వాటిని పీకినప్పుడు రంగుతో పాటు పుట్టీ కూడా అరచేయంత పెచ్చులుగా ఊడొచ్చింది. అది మేం చేసిన నష్టమే. ఆ ఒక్క గోడకు పుట్టీ పెట్టి రెండు కోట్లు వేయడానికి ఎంతవుతుందని తెలిసిన పెయింటర్‌ని అడిగితే, కూలీ, సామాను కలిపి 2,200 అన్నాడు. అదే ఒప్పుకున్నాను.

గీజరు మేం దిగిన నాటికే పాతది. బోరు నీళ్ల ఉప్పు పేరుకుని జనవరిలో ఎలిమెంట్ కాలిపోయింది. అప్పుడే ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాను, ‘చూద్దాం’ అన్నారు. ఆ పాత మెసేజే మాకు ఆధారం. ఇంట్లో ఏది పాడైనా ఆ రోజే చెప్పి ఉంచాలి. ఖాళీ చేశాక చెబితే మనమే పాడుచేశామన్నట్టు ఉంటుంది. క్లీనింగ్ మేం మే 30న మనుషులను పెట్టి చేయించాం, ఇచ్చిన 1,800కి రసీదు ఉంది. తాళాలిచ్చే ముందు వంటగట్టు, సింకు, చిమ్నీ, బాత్రూములు వీడియో తీశాను. దోమతెర మాత్రం పాప బంతి తగిలి చిరిగింది, మారుమాటాడకుండా 1,800 ఒప్పుకున్నాను.

కరెంటు లెక్క చూడండి. బిల్లు మే 12 నుంచి జూన్ 12 వరకు, 240 యూనిట్లు. తాళాలిచ్చిన రోజు మీటరు ఫొటో నా దగ్గరుంది, దాని ప్రకారం మేం వాడినవి 180. తర్వాతి 60 యూనిట్లు జూన్ 5న దిగిన కొత్తవాళ్లవి. స్లాబుల జోలికి పోకుండా యూనిట్ల దామాషాలో పంచితే 1,460లో ముప్పావు వంతు, అంటే 1,095 మావి. ఫొటో తీయడానికి అర నిమిషం పట్టింది.

ఇవన్నీ చూసుకున్నాక ఉత్తరం రాశాను. మన బాకీలు ముందు చెప్పి, తర్వాత రావాల్సింది అడిగితే చదివేవాళ్లు చివరిదాకా చదువుతారు.

“గౌరవనీయులైన ఓనరు గారికి, ఫ్లాటు మే 31న ఖాళీ చేసి తాళాలు అప్పగించాం. అడ్వాన్సు 48,000. మేం ఒప్పుకునేవి: పిల్లల గది గోడ 2,200, దోమతెర 1,800, కరెంటు 1,095, మొత్తం 5,095. రావాల్సింది 42,905. అందినది 13,240. మిగిలినది 29,665. మిగతా గోడలు, గీజరు సహజ అరుగుదల కిందకు వస్తాయి. క్లీనింగ్ మేమే చేయించాం. ఫొటోలు, రసీదు జతచేశాను. వేరే ఖర్చు ఏదైనా నిజంగా పెట్టి ఉంటే బిల్లు పంపండి, చూస్తాను. 15 రోజుల్లో ఇదే ఖాతాకు పంపగలరు.”

దీన్ని వాట్సాప్‌లోనూ పెట్టాను, స్పీడ్‌పోస్టులో కూడా పంపి రసీదు దాచుకున్నాను. కేసు, పోలీసు అన్న మాటలు ఎక్కడా రాయలేదు. ఇది డబ్బు తగాదా, సివిల్ వ్యవహారం, స్టేషన్‌కి వెళ్తే చేసేది పెద్దగా ఉండదు. గడువు దాటితే లాయరు నోటీసు ఇవ్వొచ్చు. అంతకంటే ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెడితే, కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు ఇద్దరినీ పిలుస్తారు, ఫీజు లేదు. అక్కడ ఇద్దరూ ఒప్పుకుని సంతకాలు పెడితే అది కోర్టు డిక్రీతో సమానం. ఓనరు రాకపోయినా, ఒప్పుకోకపోయినా కోర్టు దారి ఉంది. డబ్బు రాబట్టుకునే దావాకు సాధారణంగా మూడేళ్ల గడువు. ఇలాంటివి పడలేక కొందరు చివరి రెండు నెలల అద్దె ఎగ్గొట్టి అడ్వాన్సులో సర్దుకోమంటారు. అప్పుడు అగ్రిమెంట్ తప్పినవాళ్లు మనమే అవుతాం, తర్వాత ఏ లెక్క అడిగినా ముందు ఆ అద్దె సంగతి వస్తుంది.

పన్నెండో రోజు ఓనరు గారు ఫోన్ చేశారు. పెయింటింగ్ మొత్తానికి పెయింటర్ తీసుకున్నది 16,000 అని ఆయనే చెప్పారు, అంటే నెల అద్దె పట్టుకోవడం ఖర్చుకు సంబంధం లేని అంకె. ఆ మాట నేను పట్టుకుని లాగలేదు. గీజరులో సగం, 2,000, భరించమన్నారు. భరించాల్సిన పని లేదని తెలిసీ సరేనన్నాను, మూడేళ్లలో నీళ్ల మోటారు చెడిన ప్రతిసారీ అర్ధరాత్రి అయినా మనిషిని పంపింది ఆయనే. ఆ సాయంత్రం 27,665 పడ్డాయి. “అడ్వాన్సు లెక్క పూర్తయింది అంకుల్, ఇక బాకీ ఏమీ లేదు” అని ఈసారి నేనే రాశాను.